పదో తరగతి పరీక్షల్లో ఒక్కరోజు డ్యూటీ మినహాయింపు: నా అనుభవం

మాది తిరుపతి దగ్గర జడ్పీ హైస్కూలు. నేను సోషల్ చెప్తాను. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ఇన్విజిలేషన్ ఆర్డర్లు వచ్చాయి, నాకు టౌన్‌లో ఒక సెంటర్ పడింది. లెక్కల పరీక్ష రోజునే పుత్తూరులో మా అన్న కూతురి పెళ్లి. ముహూర్తం కూడా పరీక్ష వేళకే. పిల్లకు మేనత్తను నేనొక్కదాన్నే. నలుగు దగ్గర్నుంచి హారతి దాకా మేనత్త చేతుల మీదుగా జరగాల్సినవి ఉంటాయి. నేను లేకపోతే ఎట్లా అని అన్న అడిగితే ఏం చెప్పను?

హెడ్మాస్టర్ గారిని కలిస్తే వెంటనే సీఎల్ ఇస్తారనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. స్కూల్లో జరిగే పరీక్షలకైతే ఆయనే సర్దగలరు. పబ్లిక్ పరీక్షల డ్యూటీ పై ఆఫీసు ఇచ్చిన ఆర్డర్. సీఎల్ ఉన్నా, ఆయన సంతకంతో అది రద్దు కాదు. అందుకే మొత్తం డ్యూటీ తీసేయమనలేదు. ఆ ఒక్కరోజుకు నా బదులు మరొకరిని వేయమని అడిగాను.

"బదులు ఎవరొస్తారమ్మా?" అన్నారు సార్. మా లెక్కల మేడం ఒప్పుకున్నారని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "లెక్కల పరీక్ష రోజు లెక్కల టీచర్ని గదిలోకి పంపరు కదా! వేరే ఎవరినన్నా చూడు."

హిందీ సార్‌ని అడిగాను. ఆయన పిల్లలుగానీ దగ్గరి బంధువుల పిల్లలుగానీ ఆ సెంటర్లో రాయడం లేదని ముందే కనుక్కున్నాను. ఇన్విజిలేటర్లు ఆ మేరకు డిక్లరేషన్ రాసివ్వాలి, తర్వాత తేలితే మళ్లీ మొదటికొస్తుంది.

అప్లికేషన్ ఆర్డర్ ఇచ్చిన అధికారి పేరున, హెడ్మాస్టర్ ద్వారా అని రాశాను. సొంత పనులు అని రాసి వదిలేయకుండా ఇట్లా వివరంగా పెట్టాను: "మా అన్న కుమార్తె వివాహం కారణంగా గణితం పరీక్ష రోజు మాత్రమే మినహాయింపు కోరుతున్నాను. మిగిలిన రోజులు విధులకు హాజరవుతాను. నా స్థానంలో విధులు నిర్వహించడానికి మా పాఠశాల హిందీ ఉపాధ్యాయులు సమ్మతించారు." కింద ఆయన సంతకం, వెనక శుభలేఖ, నా ఆర్డర్ కాపీ జతచేశాను. సార్ "సిఫారసు చేయడమైనది" అని రాసి పంపారు. సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్‌ గారికి కూడా ఫోన్ చేసి ముందే చెప్పారు. అది నిజంగా పెద్ద మేలు. చివరి నిమిషంలో తెలిస్తే రిజర్వులో ఉన్నవాళ్లను వాడేసుకోవాల్సి వస్తుంది, ఇంకో గదికి మనిషి తక్కువైతే వాళ్లకే ఇబ్బంది.

నోటిమాటగా "సరే" అన్నారని నేను ఊరుకోలేదు. హిందీ సార్ పేరుతో మార్పు ఆర్డర్ చేతికొచ్చేదాకా ఆఫీసులో అడుగుతూనే ఉన్నాను. ఆయన పేరున కాగితం లేకపోతే సెంటర్లోకి రానివ్వరు, నేను గైర్హాజరైనట్టు పడుతుంది.

ఆర్డర్ కాపీ ఒకటి హిందీ సార్‌కి, ఒకటి సెంటర్‌కి ఇచ్చాకే మా హెడ్మాస్టర్ గారికి సీఎల్ లెటర్ ఇచ్చి పుత్తూరు బస్సెక్కాను. తర్వాతి పరీక్షకు మళ్లీ డ్యూటీలో ఉన్నాను. ఆ రోజు రెమ్యూనరేషన్ హిందీ సార్ పేరునే వచ్చేట్టు చూడమని సెంటర్లో గుర్తుచేశాను.