మొదటి రోజు జేబులోంచి పోయింది ఎంత?

పొద్దున ఎర్రముక్కపల్లెలో కూరగాయలు కొనుక్కొని ఇంటికొచ్చేసరికి మా అన్న కూతురు పుస్తకాలు పరుచుకొని హాల్లో కూర్చోనుంది. ఎంబీఏ చదువుతోంది, వచ్చే వారం డెరివేటివ్స్ పరీక్ష, అందులో ఆప్షన్ స్ట్రాటజీ లెక్క ఒకటి తప్పకుండా వస్తుందని టెన్షన్. "చిన్నాయనా, షేరు పెరిగింది, నా దగ్గర కాల్ ఉంది, మరి జవాబులో నష్టం అని ఎందుకిచ్చారు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో మధ్యాహ్నం దాకా గడిచిపోయింది. రాసి పెట్టుకోవాలనిపించింది.

లెక్క ఇది. షేరు ధర ఇవాళ 500. నెల రోజుల్లో ఎక్స్‌పైరీ, అంటే ఆప్షన్ గడువు తీరే రోజు. 500 స్ట్రైక్ కాల్, అంటే ఆ రోజు షేరుని 500కి కొనే హక్కు, 20 రూపాయలు, అదే స్ట్రైక్ పుట్, అంటే 500కి అమ్మే హక్కు, 17 రూపాయలు. ఈ హక్కుకి కట్టే ధరే ప్రీమియం. రెండూ కొన్నాం, అంటే లాంగ్ స్ట్రాడిల్. ఎక్స్‌పైరీ రోజు షేరు 515 దగ్గర ముగిసింది. కాల్ విలువ 15, పుట్ విలువ సున్నా. పాప 15 లాభం అని రాసింది. ఆ 15 పేఆఫ్. అంటే ఆఖరి రోజు చేతికొచ్చేది. మొదటి రోజు చేతిలోంచి 20, 17 కలిపి 37 పోయిన సంగతి అందులో ఎక్కడా లేదు. అది తీసేస్తే 22 రూపాయల నష్టం.

స్ట్రాడిల్ పేఆఫ్ గీత వి ఆకారంలో ఉంటుంది, దాని మొన 500 దగ్గర సున్నాను తాకుతుంది, ఎక్కడా సున్నా కిందికి రాదు. లాభం గీత కూడా అదే వి, కాకపోతే 37 కిందికి దిగి ఉంటుంది. అందుకే 463 నుంచి 537 మధ్యలో షేరు ఎక్కడ ఆగినా నష్టమే, సరిగ్గా 500 దగ్గర ఆగితే 37 మొత్తం పోతుంది. 560 అయితే కాల్ 60 ఇస్తుంది, 37 తీసేస్తే 23 లాభం. 440 అయితే పుట్ 60 ఇస్తుంది, మళ్లీ 23. ఇంత తెలిశాక ఇంకో అనుమానం రాకూడదు, కానీ పాపకి వచ్చింది: పుట్ వృథాగా పోయింది కదా, దాని 17 ఎందుకు లెక్కపెట్టాలి? ఎందుకంటే రెండిట్లో ఏది వృథా అవుతుందో కొనేరోజు తెలీదు, తెలిసుంటే స్ట్రాడిల్ కొనే పనే లేదు.

అక్కడి నుంచి ఆమెకి ఒకే అలవాటు చేయించాను. ప్రశ్న చదవగానే కాగితం పైన ఒక మూల, మొదటి రోజు జేబులోంచి నికరంగా ఎంత పోయిందో రాసుకోవాలి. స్ట్రాడిల్‌కి 37. కవర్డ్ కాల్ అంటే షేరు 500 పెట్టి కొని కాల్ అమ్మితే 20 వచ్చింది, కాబట్టి పోయింది 480. ప్రొటెక్టివ్ పుట్ అంటే షేరు 500, దాని మీద పుట్ 17, మొత్తం 517. ఆఖరి రోజు మన చేతిలో ఉన్నదాని విలువలోంచి ఆ అంకె తీసేస్తే లాభనష్టం.

షేరు 440కి పడిందనుకుందాం. కవర్డ్ కాల్ వాడి చేతిలో 440 విలువ చేసే షేరు ఉంది, అమ్మిన కాల్‌ని ఎవరూ అడగరు. 440లోంచి 480 తీసేస్తే 40 నష్టం. ప్రొటెక్టివ్ పుట్ వాడి షేరు 440, పుట్ 60, కలిపి 500, అందులోంచి 517 తీస్తే 17 నష్టం, షేరు ఇంకెంత పడినా అంతే. ఇప్పుడు షేరు 560 అయిందనుకుందాం. మొదటివాడు 560 షేరుని 500కే ఇచ్చేయాలి, కాబట్టి 20 లాభంతో ఆగిపోతాడు. రెండోవాడికి 560లోంచి 517 పోగా 43. కవర్డ్ కాల్ చాలా భద్రం అని మా వైపు చాలామంది నమ్మకం. దాంట్లో పైన మూత ఉంది, కింద మాత్రం 20 రూపాయల మెత్త తప్ప ఏమీ లేదు. ఈ తేడా అర్థం కాకుండా ఫార్ములాలు బట్టీ పట్టడం నాకు అస్సలు నచ్చదు.

ఒక్కోసారి ప్రశ్నలో మెలిక పెడతారు, షేరు పోయినేడు 460కి కొన్నాడు, ఇవాళ 500 ఉంది అని. కొన్నప్పటి నుంచి మొత్తం లాభం అడిగితే మూలలో రాయాల్సింది 460లోంచి 20 తీసేసిన 440. ఇవాల్టి నుంచి స్ట్రాటజీ లాభం అడిగితే 480. ఏది అడిగాడో ఆ వాక్యం రెండుసార్లు చదవమన్నాను.

సరిచూసుకునే దారి ఒకటుంది, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైంది అదే. కవర్డ్ కాల్ పక్కన, షేరు లేకుండా అదే స్ట్రైక్ పుట్‌ని మాత్రమే అమ్మినవాడి లెక్క రాసి చూడండి. 440 దగ్గర వాడికి 43 నష్టం, మనకి 40. 560 దగ్గర వాడికి 17 లాభం, మనకి 20. 515 దగ్గర కూడా 17, 20. ఎక్కడ చూసినా తేడా 3 రూపాయలే. ప్రొటెక్టివ్ పుట్ పక్కన వట్టి కాల్ కొన్నవాడిని పెట్టండి, 440 దగ్గర వాడికి 20 నష్టం, మనకి 17, 560 దగ్గర వాడికి 40, మనకి 43. మళ్లీ అదే 3.

ఆ మూడు రూపాయలు ఎక్కడివి అని పాప చాలాసేపు ఆలోచించింది. షేరు కొన్నవాడి 500 నెల రోజులు ఇరుక్కుపోయింది, ఏడాదికి ఏడు శాతం వడ్డీ అనుకుంటే నెలకి సుమారు 3. కాల్ 20, పుట్ 17 మధ్య తేడా కూడా అందుకే 3. పుట్-కాల్ పారిటీ అని పుస్తకంలో పెద్ద సమీకరణంగా రాసేది ఇదే. ఎక్స్‌పైరీ రోజే వాడుకోగలిగే యూరోపియన్ ఆప్షన్, మధ్యలో డివిడెండ్ లేదు, రెండూ ఒకే స్ట్రైక్ అయితే ఈ తేడా ప్రతి ధర దగ్గరా ఒకటే రావాలి. కవర్డ్ కాల్ లెక్కలో ఒక చోట మనకి 3 ఎక్కువ, ఇంకో చోట 37 తక్కువ వచ్చిందంటే అక్కడ కాల్ ప్రీమియం గుర్తు తిరగబడిందనే అర్థం. పాప తన పాత జవాబుల్లో అలాంటిది ఒకటి తనే పట్టుకుంది, అమ్మిన కాల్ ప్రీమియంని కూడా ఖర్చులో రాసేసింది.

సాయంత్రం మా అన్న వచ్చి, ఇంత చక్కగా ఉంటే కంపెనీ రిజల్ట్స్ ముందు స్ట్రాడిల్ కొనొచ్చు కదరా అన్నాడు. ఈ గీతలన్నీ ఎక్స్‌పైరీ రోజువేనన్నా అని చెప్పాను. రిజల్ట్స్ ముందు అందరూ పెద్ద కదలిక వస్తుందని అనుకుంటారు కాబట్టి రెండు ప్రీమియాలూ ముందే పెరిగి ఉంటాయి, ఫలితం రాగానే ఆ అనిశ్చితి పోయి ప్రీమియం పడుతుంది, షేరు కదిలినా 37 తిరిగి రాకపోవచ్చు. పైగా మన ఎన్‌ఎస్‌ఈలో షేర్ల ఆప్షన్లు ఇప్పుడు డెలివరీతోనే సెటిల్ అవుతాయి. లాట్ వెయ్యి షేర్లనుకుంటే, 560 దగ్గర ఆ కాల్‌ని ఎక్స్‌పైరీ దాకా ఉంచినవాడు షేర్లు తీసుకోవడానికి 5 లక్షలు కట్టాలి. పరీక్ష కాగితంలో 23 రూపాయల లాభం అని ఒక్క లైన్‌లో అయిపోతుంది, బయట మాత్రం ఆ డబ్బు లేనివాడు ముందే కాల్ అమ్మేసి బయటపడాలి.