అరగంటలో ముగియాల్సిన సింక్

దుబాయ్‌లో నేను పనిచేసే చోట షాపుల స్టాక్ లెక్కలు అరగంటకోసారి గోదాము సిస్టమ్‌లోకి చేరాలి. ఏ షాపులో ఏ సరుకు ఎంత అమ్ముడైంది, ఎంత మిగిలింది అన్నది ఆ సింక్ మోసుకొస్తుంది. దాన్ని చూసుకోవడం నా పని. గోదాములో లిస్టు పట్టుకుని సరుకు ఏరే కుర్రాళ్లలో మా ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లు, పీలేరు, పుంగనూరు వైపు వాళ్లు ఉన్నారు. లెక్క పాతదైతే సూపర్‌వైజర్ చేత మాట పడేది వాళ్లే. "అన్నా, లిస్టులో ఉండాది, ర్యాకులో లేదు" అని వాళ్లు నాకు ఫోన్ చేసేదాకా రాకూడదన్నది నా పట్టుదల.

ఇలాంటి సింక్ ఒక్క రోజులో చెడిపోదు. 11 నిమిషాల్లో ముగిసినా తెర మీద `SUCCESS` అనే వస్తుంది, 29 నిమిషాలు పట్టినా అదే వస్తుంది. అరగంట దాటిన రోజు మాత్రం కథ మారిపోతుంది. ముందు రన్ ముగిసిందా లేదా అని క్రాన్ చూడదు, టైమ్ అయితే రెండోదాన్ని మొదలుపెట్టేస్తుంది. రెండూ అవే టేబుళ్ల మీద పడి, లాకుల దగ్గర ఒకదాని కోసం ఒకటి ఆగి, ఇంకా నెమ్మదిస్తాయి. అవి తేలకముందే మూడోది వచ్చి చేరుతుంది. నెలల తరబడి మెల్లగా పెరిగిన సమస్య ఒక్క సాయంత్రంలో చేయి దాటిపోతుంది. అందుకే పాసైందా ఫెయిలైందా అన్నదానితో పాటు, ఎంతసేపు పట్టిందన్నది ప్రతి రన్‌కీ రాసి పెట్టుకోవాలి. దానికి ఈ నాలుగైదు లైన్లు చాలు:

```bash
start=$(date +%s)
flock -n -E 99 /tmp/stock.lock ./stock_sync.sh
rc=$?
end=$(date +%s)
echo "$start,$((end-start)),$rc" >> stock_runs.csv
```

ఇందులో `flock` పాత రన్ నడుస్తుండగా కొత్తదాన్ని మొదలుకానివ్వదు. ఇది పెట్టేసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కానీ అప్పుడు జరిగేదేమిటంటే, రన్ అరగంట దాటగానే తర్వాతిది చప్పుడు లేకుండా ఎగిరిపోతుంది, అరగంట సింక్ కాస్తా గంట సింక్ అవుతుంది. లాక్ దొరకక ఆగిపోయిన ప్రతిసారీ 99 అని రాసుకునేది అందుకే. ఆ 99 ఒక్కటి కనిపించినా మనం ఆలస్యంగా మేలుకున్నట్టే. టైమ్‌ను సెకన్లలో, `date +%s` రూపంలో రాసుకోవడం వల్ల ఇంకో మేలుంది. సెలవుకి తిరుపతి వచ్చి ఇంట్లో కూర్చుని చూసినా, దుబాయ్‌కీ ఇక్కడికీ ఉన్న గంటన్నర తేడా లెక్కను తికమక పెట్టదు.

ఇక అసలు విషయం, రాసుకున్న అంకెల్ని ఎలా చదవాలన్నది. అరగంటకోటి చొప్పున వారానికి 336 రన్నులు. మొదట నేను ప్రతి వారానికీ నడిమి అంకె తీశాను. పన్నెండు వారాల్లో అది 11 నిమిషాల నుంచి 17కి వచ్చింది, అంటే వారానికి అర నిమిషం. ఇంకా 13 నిమిషాల ఖాళీ ఉంది కాబట్టి 26 వారాల గడువు ఉన్నట్టు తేలింది. ఆరు నెలలంటే ఎవరికీ తొందర పుట్టదు.

తర్వాత అవే రన్నుల్ని ఎక్కువ టైమ్ పట్టినదాని నుంచి తక్కువ పట్టినదాని దాకా వరుసలో పెట్టి, ప్రతి వారం పైనుంచి పదిహేడోదాన్ని చూశాను. నూటికి తొంభై అయిదు రన్నులు దానికి లోపలే ఉంటాయి, ఎప్పుడో ఒకసారి వచ్చే వింత రన్ ప్రభావం దాని మీద పడదు. అది 16 నిమిషాల నుంచి 25కి చేరింది, వారానికి ముప్పావు నిమిషం. మిగిలిన ఖాళీ 5 నిమిషాలు. అయిదుని ముప్పావుతో భాగిస్తే ఏడు వారాలు కూడా లేవు. ఢీకొట్టేది నడిమి రన్ కాదు, రద్దీ సాయంత్రం రన్. మాకైతే రంజాన్ ముందు కొనుగోళ్లు పెరుగుతాయి కాబట్టి ఆ ఏడు వారాలనీ నమ్మి కూర్చోలేం.

ఇక్కడో జాగ్రత్త. కొత్త షాపు తెరిస్తే గ్రాఫ్ ఆ వారం మెట్టులా ఎగురుతుంది. ఆ మెట్టును కూడా కలిపి గీత గీస్తే లేని ఏటవాలు కనిపిస్తుంది. మెట్టు తర్వాతి వారాలతోనే కొత్తగా గీత మొదలుపెట్టాలి. మా పన్నెండు వారాల్లో కొత్త షాపు ఏదీ రాలేదు, అందుకే ఆ లెక్క నిలబడింది.

కారణం పట్టుకోవడానికి ప్రతి రన్ ఎన్ని వరుసల డేటా మోసిందో కూడా టైమ్ పక్కన పెట్టి చూశాను. మోసిన వరుసలు పన్నెండు వారాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. బరువు పెరగలేదు, టైమ్ పెరిగింది. అంటే మారినవాటిని మోయడంలో కాదు, వెతకడంలో టైమ్ పోతోంది. చూస్తే `updated_at` కాలమ్‌కి ఇండెక్స్ లేదు. గత అరగంటలో మారినవి ఏవో తెలుసుకోవడానికి ప్రతిసారీ అమ్మకాల టేబుల్ మొత్తం చదువుతోంది, ఆ టేబుల్ రోజూ పెరుగుతూనే ఉంది.

"పెద్ద సర్వర్ తీసుకుందాం" అన్న మాట మీటింగ్‌లో వచ్చింది. నేను గట్టిగా వద్దన్నాను. పెద్ద సర్వర్‌తో 25 నిమిషాలు 15 కావచ్చు, కానీ పెరుగుదల ఆగదు, కొన్ని నెలలకు మళ్లీ అక్కడికే వస్తాం. ఇండెక్స్ వేశాక టైమ్ 6 నిమిషాలకు పడిపోయింది. అందరూ ఆ పడిపోవడం చూసి సంతోషపడ్డారు. నేను మాత్రం తర్వాతి వారాల గీత పడుకుందా లేదా అని చూశాను. పడుకుంది. కారణం పోయిందనడానికి రుజువు అదే.

ఈసారి సెలవులో మా అక్క కొడుకు తన గ్రాఫ్ చూపించాడు. వాడు తిరుపతిలో చిన్న ఆఫీసులో పనిచేస్తాడు. చిత్తూరు చుట్టుపక్కల ఊళ్లలోని పాల సేకరణ కేంద్రాల లెక్కలు పదిహేను నిమిషాలకోసారి తెప్పించడం వాడి పని. "మామా, మా సింక్ టైమ్ తగ్గతా ఉండాది చూడు" అన్నాడు. సగటు నిజంగానే దిగుతోంది. "ఫెయిలైనవి తీసేసి చూడరా" అన్నాను. నెట్ లేక ఇరవై సెకన్లలోనే చచ్చిపోయిన రన్నులు ఆ సగటులో కలిసి ఉన్నాయి. ఫెయిల్యూర్లు పెరిగేకొద్దీ సగటు బాగుపడినట్టు కనిపిస్తుంది. వాటిని తీసేశాక గీత పైకి తిరిగింది. పాలు పోసేది ఉదయం, సాయంత్రం రెండు పూటలే, మధ్యాహ్నం మోయడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీ రన్నుల్నీ పక్కన పెట్టి ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు మాత్రమే తీసుకుంటే, పదిహేను నిమిషాల్లో పన్నెండు వాడేస్తోంది.

వాడి కారణం నాది కాదు. వాడిది ఒక కేంద్రం తర్వాత ఒక కేంద్రాన్ని పలకరించే సింక్, కేంద్రాలు చేరేకొద్దీ పొడవవుతుంది. సిగ్నల్ లేని కేంద్రం దగ్గర ముప్పై సెకన్లు ఊరికే ఎదురుచూస్తుంది. అలాంటివి ఆరు తగిలితే మూడు నిమిషాలు పోయినట్టే. "ఒకేసారి నాలుగు కేంద్రాలని లాగేలా మార్చేస్తా, టైమౌట్ కూడా తగ్గిస్తా" అన్నాడు. రెండూ ఒకే రోజు మారిస్తే దేని వల్ల ఎంత తగ్గిందో తెలియదు కదా అన్నాను. చివరికి టైమౌట్‌ని ముందు పది సెకన్లకు తగ్గించి, రెండు వారాల ఉదయం రన్నులు చూశాక రెండో మార్పు చేయడానికి ఒప్పుకున్నాడు.