సర్క్యులేట్ చేసిన మినిట్స్‌లో సవరణ: కంపెనీ సెక్రటరీ లేఖకు నేను ఇచ్చిన జవాబు

నేను ఇండిపెండెంట్ డైరెక్టర్‌గా ఉన్న ఒక అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీ నుంచి కంపెనీ సెక్రటరీ గారి లేఖ ఒకటి వచ్చింది. విషయం చిన్నదే. గత బోర్డు మీటింగ్ మినిట్స్ ముసాయిదాలో ఆరో అంశం కింద ఒక వాక్యం మార్చాల్సి ఉందని, అది నాకు సంబంధించినది కాబట్టి సరిగ్గా ఉందో లేదో లిఖితపూర్వకంగా ధృవీకరించమని అడిగారు. ఇలాంటి లేఖలకు చాలామంది డైరెక్టర్లు "ఓకే, కన్ఫర్మ్డ్" అని ఒక్క లైను కొట్టి పంపేస్తారు. ఈ లేఖకు అలా పంపి ఉంటే, జరగని ఒక సంగతి నా పేరు మీద కంపెనీ రికార్డులోకి ఎక్కేది.

లేఖ మాత్రం చాలా పద్ధతిగా ఉంది. అంశం నంబరు వేసి, ముసాయిదాలో ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చి, దాని కిందే సవరించిన వాక్యం రాశారు. సవరణ ఎవరి వ్యాఖ్య మీద వచ్చిందో, ఎప్పటిలోగా జవాబివ్వాలో కూడా ఉంది. పాత వాక్యం: "డైరెక్టర్లు అందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు." కొత్త వాక్యం: "వీడియో కాన్ఫరెన్స్ ద్వారా పాల్గొన్న డైరెక్టర్ (నా పేరు) ఓటింగ్‌లో తటస్థంగా ఉండగా, మిగిలినవారు ఆమోదించారు."

అసలు జరిగింది ఇది. ఆరో అంశం ఒక గోదాము లీజు పునరుద్ధరణ. ఆ గోదాము మా డైరెక్టర్లలో ఒకరు భాగస్వామిగా ఉన్న సంస్థది. ఆయన ఆ లీజులో తన ఆసక్తిని, అంటే తనకున్న సొంత ప్రయోజనాన్ని, ముందే వెల్లడించి చర్చ నుంచి తప్పుకున్నారు. నేను అద్దె రేటు గురించి ఒక ప్రశ్న అడిగాను, వచ్చిన జవాబు సబబుగానే ఉందన్నాను. ఆ తర్వాత నా లైను తెగిపోయింది. మళ్లీ కలిసేసరికి చైర్మన్ గారు ఏడో అంశం చదువుతున్నారు. "లైను పోయింది, ఇప్పుడే తిరిగి చేరాను" అని చాట్‌లో టైప్ చేశాను. మీటింగ్ మొదట్లో తీసుకున్న రోల్ కాల్ ఆధారంగా ముసాయిదాలో "అందరూ" అని పడింది. గదిలో ఉన్న మరో డైరెక్టర్ గారు ముసాయిదా చదివి, ఆరో అంశంపై నేను ఓటు వేయలేదని రాసి పంపారు. ఆయన చెప్పింది నిజమే. ఆ "ఓటు వేయలేదు" అన్నది సవరణలోకి వచ్చేసరికి "తటస్థంగా ఉన్నారు" అయింది.

ఈ రెంటికీ పెద్ద తేడా ఏముందని అనిపించవచ్చు. తేడా కోరం లెక్కలో, అంటే నిర్ణయం చెల్లాలంటే మీటింగ్‌లో కనీసం ఎంతమంది ఉండాలన్న లెక్కలో ఉంది. మా బోర్డులో మొత్తం తొమ్మిదిమంది. కంపెనీల చట్టం, 2013లోని 174వ సెక్షన్ ప్రకారం మొత్తం సంఖ్యలో మూడోవంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది కోరం. అంటే మాకు ముగ్గురు ఉండాలి. ఆ రోజు హాజరైంది నలుగురం: చైర్మన్, ముసాయిదాపై వ్యాఖ్య పంపిన డైరెక్టర్, గోదాములో ఆసక్తి ఉన్న డైరెక్టర్, వీడియోలో నేను. ఆసక్తి ఉన్నవారిని ఆ అంశం వరకు కోరంలో లెక్కించకూడదు. కాబట్టి ఆరో అంశానికి మిగిలింది ముగ్గురమే, సరిగ్గా సరిపోయాం.

ఇప్పుడు నేను తటస్థంగా ఉన్నానంటే, మీటింగ్‌లో ఉండి ఓటు మాత్రం వేయలేదని అర్థం. కోరంలో నా తల లెక్కకొస్తుంది, తీర్మానం నిలబడుతుంది. నేను అసలు లైన్‌లోనే లేనంటే ఉన్నది ఇద్దరు. కోరం లేదు, తీర్మానం చెల్లదు. ఒకే ఒక్క మాట మీద మొత్తం లీజు ఆధారపడి ఉంది. సవరణ రాసినవారి మనసులో ఈ లెక్క ఉందని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వచ్చిన వ్యాఖ్యను మర్యాదగా మలిచారంతే. కానీ రికార్డు చదివేవాళ్లు రాసినవారి ఉద్దేశాన్ని చూడరు, మాటను చూస్తారు.

జవాబు రాసే ముందు నా జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్ముకోదలచుకోలేదు. కంపెనీ సెక్రటరీ గారికి ఫోన్ చేసి, ఆ మీటింగ్ లాగ్, ఆరో అంశం వరకు రికార్డింగ్ పంపగలరా అని అడిగాను. వీడియో కాన్ఫరెన్స్ ద్వారా జరిగే బోర్డు మీటింగ్‌ను రికార్డు చేయాలి. ఆ రికార్డింగ్‌ను కనీసం ఆ సంవత్సరం ఆడిట్ పూర్తయ్యేవరకు భద్రపరచాలి. కాబట్టి అది ఉండే తీరుతుంది. ఆవిడ ఏమాత్రం ఇబ్బంది పడకుండా "తప్పకుండా సర్, చూసే రాయండి. నాకూ అదే మంచిది" అన్నారు. లాగ్‌లో నేను 11:48కి బయటపడి 11:57కి తిరిగి చేరినట్టు ఉంది. రికార్డింగ్‌లో చైర్మన్ గారు తీర్మానం ఆమోదం పొందిందని ప్రకటించింది 11:54కి. నా చాట్ సందేశం కూడా నేను చేరిన వెంటనే పడి ఉంది. ఇక అనుమానం లేదు.

ఈలోగా చైర్మన్ గారు కూడా ఫోన్ చేశారు. "చర్చలో మీరు రేటు బాగుందన్నారు కదండీ, మీ అభిప్రాయం అనుకూలమే కదా, ఈ మాటతో సర్దేస్తే ఇబ్బందేంటి?" అని మామూలుగానే అడిగారు. ఆయన అడగడంలో బలవంతమేమీ లేదు, చాలా బోర్డుల్లో వినిపించే మాటే అది. చర్చలో చెప్పిన అభిప్రాయం వేరు, నిర్ణయం తీసుకునేటప్పుడు హాజరై ఉండడం వేరు అని చెప్పాను. నేను బయటపడ్డాక ఇంకా ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. విని ఉంటే నా అభిప్రాయం మారి ఉండేదేమో కూడా. పైగా మినిట్స్ ధృవీకరణ లేఖ అంటే జరిగింది ఇదీ అని చెప్పడం, ఆలస్యంగా ఓటు వేయడం కాదు. పోనీ మీటింగ్ లేకుండా, కాగితాలు అందరికీ పంపి సర్క్యులేషన్ ద్వారా తీర్మానం చేసుకుందామన్నా కుదరదు. సంబంధిత పక్షాలతో లీజుకు 188వ సెక్షన్ కింద బోర్డు మీటింగ్‌లో చేసిన తీర్మానమే కావాలి. ఆయన విని, "అయితే ఉన్నదే రాయండి" అన్నారు. నాకు చాలా ఊరటగా అనిపించింది.

నా జవాబు ఇలా రాశాను:

"మీరు పంపిన సవరణను ఈ రూపంలో ధృవీకరించలేను. ఆరో అంశంపై నేను తటస్థంగా ఉండలేదు. మీటింగ్ లాగ్ ప్రకారం 11:48 నుంచి 11:57 వరకు నేను మీటింగ్‌లో లేను. ఈ మధ్యలోనే, 11:54కి, నిర్ణయం ప్రకటించారు. కాబట్టి ఆ వాక్యాన్ని ఇలా మార్చమని కోరుతున్నాను: 'వీడియో కాన్ఫరెన్స్ ద్వారా పాల్గొంటున్న డైరెక్టర్ (పేరు) ఆరో అంశంపై చర్చ జరుగుతుండగా లైను తెగిపోవడంతో నిర్ణయ సమయంలో పాల్గొనలేదు, ఏడో అంశం నుంచి తిరిగి పాల్గొన్నారు.' అంశం మొదట్లో అద్దె గురించి నేను అడిగిన ప్రశ్న ముసాయిదాలో ఉన్నట్టే ఉండవచ్చు. మిగిలిన అంశాలపై నాకు వ్యాఖ్యలేమీ లేవు. ఈ మార్పు వల్ల ఆ అంశానికి కోరం పరిస్థితి ఏమిటో పరిశీలించగలరు."

ఇందులో చివరి రెండు వాక్యాలు నేను కావాలనే పెట్టాను. మిగతా అంశాలపై వ్యాఖ్యలు లేవని చెప్పకపోతే, జవాబు అసంపూర్తిగా ఉందని మళ్లీ ఒక ఉత్తరం నడుస్తుంది. కోరం సంగతి నేను తేల్చలేదు, ఎత్తి చూపానంతే. దాన్ని పరిశీలించి బోర్డు ముందు పెట్టాల్సింది కంపెనీ సెక్రటరీ.

గడువు సంగతి కూడా చెప్పాలి. బోర్డు మీటింగ్‌ల పద్ధతిని నిర్దేశించే సెక్రటేరియల్ స్టాండర్డ్-1 ప్రకారం మీటింగ్ అయిన 15 రోజుల్లోగా ముసాయిదా పంపాలి, డైరెక్టర్లు 7 రోజుల్లోగా వ్యాఖ్యలు ఇవ్వాలి, మీటింగ్ అయిన 30 రోజుల్లోగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించాలి. ఏడు రోజుల్లో ఏమీ చెప్పకపోతే ఆ డైరెక్టర్ ముసాయిదాను ఆమోదించినట్టే లెక్క. అందుకే లాగ్ రాగానే ఆగకుండా, కంపెనీ రికార్డులో ఉన్న నా ఈమెయిల్ నుంచే జవాబు పంపాను. పుస్తకంలోకి ఎక్కాక మార్చాలంటే దారి వేరు. తర్వాతి మీటింగ్‌లో బోర్డు స్పష్టంగా ఆమోదించాలి, మార్చిన సంగతి ఆ మీటింగ్ మినిట్స్‌లో నమోదవ్వాలి. పుస్తకంలోని పేజీని చాటుగా దిద్దితే జైలుశిక్ష దాకా వెళ్లే నేరం.

సవరించిన ముసాయిదా మళ్లీ అందరికీ వచ్చింది, మారిన చోట గుర్తు పెట్టి మరీ. అక్కడ కంపెనీ సెక్రటరీ గారు చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. కోరం లేదని తేలింది కాబట్టి ఆరో అంశాన్ని "వాయిదా వేశారు" అని రాద్దామని ఎవరో సూచించారట. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ రోజు ఎవరూ వాయిదా వేయలేదు, ఆమోదం పొందిందని ప్రకటించారు. మినిట్స్‌లో జరిగిందే ఉండాలి. కోరం లేదన్న సంగతిని తర్వాతి మీటింగ్ ఎజెండాలో విడి అంశంగా పెట్టారు.

అదృష్టవశాత్తూ కొత్త లీజు మీద ఇంకా సంతకాలు కాలేదు. అయిపోయి ఉంటే మూడు నెలల్లోగా బోర్డుతో ధృవీకరింపజేసుకోవాల్సి వచ్చేది, లేకపోతే ఆ ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు బోర్డుకు ఉండేది. పాత లీజు గడువు ముగిసేలోపే తర్వాతి మీటింగ్ జరిగింది. ఈసారి ఆసక్తి ఉన్న డైరెక్టర్‌ను పక్కన పెట్టినా ఐదుగురం ఉన్నాం. గత తీర్మానానికి కోరం లేదని, దాని మీద ఏ చర్యా తీసుకోలేదని బోర్డు నమోదు చేసుకుంది. గోదాము అంశాన్ని మొదటి నుంచి చర్చించి కొత్తగా తీర్మానించాం. అద్దె గురించి నా ప్రశ్న మళ్లీ అడిగాను. పూర్తి జవాబు విన్నాను, అనుకూలంగా ఓటు వేశాను. ప్రతి అంశంపై నిర్ణయానికి ముందు వీడియోలో ఉన్నవారి పేరు పిలిచి లైన్‌లో ఉన్నారో లేదో చూసుకోవడం చైర్మన్ గారు ఆ మీటింగ్‌లోనే మొదలుపెట్టారు. మొదటి మీటింగ్‌కు సంబంధించి సంతకమైన మినిట్స్ ధృవీకృత ప్రతి తర్వాత నాకు అందింది. అందులో ఆరో అంశం కింద నేను అడిగిన వాక్యమే ఉంది.