మోకాళ్ల మధ్య దిండు

"అమ్మా, పాదం గాల్లో వేలాడుతోంది. దిండు ఇంకాస్త కిందికి జరుపుకో" అన్నాను. జరుపుకున్న కాసేపటికి నడుము పట్టు సడలిందంది.

పక్కకి తిరిగి పడుకున్నప్పుడు పై కాలు ముందుకి జారితే తుంటి తిరుగుతుంది, రాత్రంతా నడుము మెలిపడే ఉంటుంది. అందుకే దిండు మోకాళ్ల మధ్య ఉంటే చాలదు, చీలమండల దాకా రావాలి. ఇంట్లో ఉన్న పొడవాటి బూరుగు దూది దిండు సరిగ్గా సరిపోయింది.

డాక్టరుగారు రాసిన పారాసెటమాల్‌ని ఇన్నాళ్లూ నొప్పికి మెలకువ వచ్చాకే వేసుకునేది. అది పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఈలోపు నిద్ర కాస్తా పోయేది. ఆయన్నే అడిగి ఇప్పుడు పడుకునే గంట ముందు ఇస్తున్నాం. జలుబు మాత్రల్లోనూ చాలావాటిలో అదే మందు ఉంటుంది కాబట్టి, రోజు మొత్తం మోతాదు దాటకుండా నేనే చూసుకుంటున్నా.

నాకు ఎక్కువ బెంగ అమ్మ పగటి పనుల గురించే. నొప్పి కాస్త తగ్గిన రోజు పటమట రైతు బజారు, ఇల్లు కడగడం, గోంగూర పచ్చడి అన్నీ ఒకేరోజు పెట్టుకుంటుంది. ఆ రాత్రే నడుము పట్టేస్తుంది. ఈ వారం నుంచి రోజుకి ఒక్క పెద్ద పనే, అదీ మధ్యలో కూర్చుని లేస్తూ. బజారు సంచి మాత్రం నాది.