ఎనభై రూపాయలు

లైటు ఆర్పి పడుకున్నదాన్ని మళ్ళీ లేచొచ్చి వసారాలో కూర్చున్నా. ఆయన అటు తిరిగి గురక. నిన్నటి చేపల పులుసు ఇవాళ మధ్యాహ్నానికి భలే కుదిరింది, ఆ ముచ్చట రాద్దామనే మొదలుపెట్టా గానీ నా బుర్ర, నేను లెక్కలు రాసే పైపుల కొట్లో సరుకు కొనే బుచ్చి ఊరి డీలరు ఆయన దగ్గరే ఆగిపోయింది. ఎనభై రూపాయలు. దానికోసం సాయంత్రం ఫోన్లో ఇరవై నిమిషాలు.

"ఏందమ్మా, మీ స్టేట్‌మెంట్లో నాకు రావాల్సింది 4,640 అని ఏసినావు? నా పుస్తకంలో 4,720 ఉంది గదా."

"80 డిస్కౌంటు తిరగ్గొట్టాను అన్నా."

"నేను టయానికి కట్టలా? కట్టినందుకే గదా ఇచ్చినారు? ఇచ్చింది మళ్ళా ఎట్ట తీసుకుంటారు?"

కరెక్టుగా ఆ మాటే మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ నాకు జవాబు తెలుసు, మూడుసార్లూ నోట్లోంచి సరిగ్గా రాలేదు. ఇక్కడ రాస్తే వస్తుందేమో చూస్తా.

3వ తేదీ బిల్లు. పైపులు, ఫిట్టింగులు, లిస్టు రేటు ప్రకారం 50,000. డీలరు కాబట్టి 20 శాతం ట్రేడ్ డిస్కౌంటు, అది బిల్లు అడుగునే తీసేస్తాం. మిగిలింది 40,000. దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే 7,200. మొత్తం 47,200. పది రోజుల్లోపు కడితే సరుకు విలువ మీద 2 శాతం క్యాష్ డిస్కౌంటు అని బిల్లు కిందే అచ్చు వేసి ఉంటుంది. ఆయన 11న కట్టేశాడు. 800 మినహాయించుకుని 46,400 బ్యాంకులో పడింది. ఖాతా సున్నా.

ఇంతవరకూ గొడవేమీ లేదు. 20న యాభై బ్రాస్ ఎల్బోలు వెనక్కి వచ్చాయి. సైజు తేడా.

పొద్దున మా కొత్త పిలకాయ వాటికి క్రెడిట్ నోట్, అంటే వాపసు సరుకు డబ్బు ఆయనకి జమ చేసే చీటీ, వేశాడు. టాలీలో Alt+F6 కొట్టాడు, బిల్లు ముందు పెట్టుకున్నాడు, ఎల్బో రేటు 100 చూశాడు, 50 ఎల్బోలకు 5,000 అన్నాడు, దాని మీద జీఎస్టీ 900 వేశాడు, 5,900 ఆయన ఖాతాకి జమ చేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఎల్బోని మనం ఆయనకి 100కి అమ్మామా? 80కి అమ్మాం. 100 అనేది కంపెనీ లిస్టులో ఉన్న అంకె, మన లెడ్జర్లో ఎక్కడా లేని అంకె. ట్రేడ్ డిస్కౌంటుకి ఖాతానే ఉండదు. అమ్మకాల ఖాతాలో ఎక్కింది 40,000. అమ్మిందెంతకో వాపసూ అంతకే: 4,000, దాని మీద జీఎస్టీ 720, వెరసి 4,720. వాడు వేసినట్టే వదిలేస్తే 1,180 మనమే ఎదురిచ్చినట్టు. అందులో 180, మనం ఆయన దగ్గర వసూలే చేయని పన్నుని తగ్గించి చూపించడం.

మా పెద్దమ్మాయికి ఈ ముక్క రాత్రి అన్నం తినేటప్పుడు చెప్తుంటే, "మరి ఆ ట్రేడ్ డిస్కౌంటు పదివేలు ఎక్కడ రాస్తావమ్మా?" అంది. ఎక్కడా రాయను. లేనిదాన్ని ఎక్కడ రాస్తాను? 800 మాత్రం రాస్తాను. అది నిజంగా రావాల్సి ఉండి, తొందరగా కట్టినందుకు వదులుకున్న డబ్బు. 'డిస్కౌంట్ అలవ్డ్' అని దానికో ఖాతా ఉంది, మార్చిలో ఖర్చు కింద తేలుతుంది. వాళ్ళ లెక్చరర్ ఈ రెండూ కలిపి ఒకే పేరాలో డిక్టేషన్ చెప్పేశాడట. సరే, నేను ఆయన్ని ఏమీ అననులే.

పిలకాయని తిట్టి కూర్చున్నాక మా నాయన గుర్తొచ్చాడు. అసలు తిట్టకుండా ఉండాల్సింది.

నాయన గిన్నెల కొట్లో గుమాస్తా. అప్పట్లో జీతం నాలుగు వందల యాభై. ఉదయగిరి వైపు నుంచి ఒక చిన్న కొట్టాయన పెళ్ళిళ్ళ సీజనుకి స్టీలు బిందెలు తీసుకుపోయి, సీజను అయ్యాక పది మిగిలాయని బస్సు మీద వేసుకొచ్చాడు. నాయన పాత బిల్లు నకలు తీశాడు. బిందె 60 అని ఉంది. పదికి 600 ఆయన పేరు మీద జమ రాశాడు. కానీ బిల్లు అడుగున, మొత్తం మీద, నూటికి పదిహేను కొట్టేసి ఉంది. పై వరుసల్లో అంతా లిస్టు రేట్లే, తగ్గింపు ఒక్కచోటే, చిట్టచివర. బిందె నిజానికి 51. రాయాల్సింది 510.

ఎవరూ చూడలేదు. ఆవర్జా లెక్క అట్టాగే నడిచింది. దసరాకి ముందు ఓనరు లెక్కలు సరిచూస్తూ పట్టుకున్నాడు. ఏమీ అనలేదట, తొంభై పట్టుకుని జీతం ఇచ్చాడు. నాయన ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకి మూడు వందల అరవై ఇచ్చి, కాళ్ళు కడుక్కుని, చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. పండక్కి నాకు గౌను రాలేదు. నాకు గుర్తున్నది మాత్రం గౌను కాదు, ఎర్ర పెన్సిలు. ఆ మర్నాటి నుంచి ఆయన ప్రతి బిల్లు నకలు మీదా, ప్రతి వస్తువు పక్కనా, డిస్కౌంటు పోను పడే రేటుని ఎర్ర పెన్సిలుతో చిన్నగా రాసేవాడు. పదిహేను శాతం అయినా, పన్నెండున్నర అయినా, నోటి లెక్కే. ఆ పెన్సిలు అరిగి అరిగి బొటనవేలంత అయితే, దానికి కాగితం చుట్టి మళ్ళీ వాడేవాడు. పోయాక జేబులో కూడా ఒకటి దొరికింది.

మా టాలీలో డిస్కౌంటు వరుస వరుసకీ పడే ఏర్పాటు ఉంది. మా ఓనరన్న దాన్ని ఆన్ చేయించడు, బిల్లు పొడుగైపోతుందంట. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే తప్పు, అదే చోట. నేను పట్టుకునే పద్ధతి ఒకటే. వాపసు వచ్చిన సరుకు లిస్టు ప్రకారం బిల్లులో ఎన్నో వంతో చూస్తా. ఇక్కడ 50,000లో 5,000, పదో వంతు. అయితే క్రెడిట్ నోట్ కూడా 47,200లో పదో వంతు ఉండాలి. 5,900 పదో వంతు కాదు. కాలిక్యులేటరు కూడా అక్కర్లేదు.

రేపు ఆ పిలకాయకి ఒక ఎర్ర పెన్ను కొనిపెట్టాలి.

ఆ 80 దగ్గరికి వస్తా. బుచ్చి అన్నకి నేను చెప్పాల్సిన జవాబు ఇది. నువ్వు 47,200 సరుకుకి ఇచ్చింది 46,400. రేపు మొత్తం సరుకూ వెనక్కి పంపావనుకో, ఎంత ఇవ్వాలి? 46,400. ఇచ్చినదానికన్నా 800 ఎక్కువ పట్టుకుపోతావా? పోవు గదా. మరి పదో వంతు సరుకు వెనక్కి వస్తే, ఆ 800లో పదో వంతు కూడా దాంతోనే వెనక్కి రావాలి. ఆ ఎల్బోలకి నీ చేతి నుంచి పడింది 4,640 మాత్రమే. అంతే. ఫోన్లో ఈ నాలుగు ముక్కలు రాలేదు చూడండి నాకు.

అయితే క్రెడిట్ నోట్‌నే 4,640కి వేయకూడదు. ఓనరన్న అదే అన్నాడు, "ఒక్క నోట్లో ముగించెయ్యి మే" అని. కుదరదు. క్యాష్ డిస్కౌంటు ఇచ్చినప్పుడు మనం పన్ను తగ్గించలేదు, 40,000 మీద పూర్తిగా కట్టాం. కాబట్టి వాపసు మీద కూడా 4,000కి పూర్తి పన్ను, సీజీఎస్టీ 360, ఎస్‌జీఎస్టీ 360 తగ్గించాలి. ఆయన కూడా అవతల, కొన్నప్పుడు కట్టిన పన్నుకి తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో ఆ 720 తగ్గించుకోవాలి. నోట్‌ని కుదిస్తే రెండు వైపులా పన్ను లెక్క తప్పుతుంది. అందుకని క్రెడిట్ నోట్ 4,720కే: సేల్స్ రిటర్న్స్‌కి 4,000, పన్నులకి 720 డెబిట్, ఆయన ఖాతాకి క్రెడిట్. తర్వాత వేరే జర్నల్: ఆయన ఖాతాకి 80 డెబిట్, డిస్కౌంట్ అలవ్డ్‌కి 80 క్రెడిట్. ఖర్చు 800 నుంచి 720కి దిగుతుంది. (ఈ 720కీ పన్ను 720కీ సంబంధం లేదు. అంకెలు కలిసొచ్చాయి, అంతే. పిలకాయ దీన్ని చూసి మళ్ళీ తికమకపడ్డాడు.)

వాపసుల్ని అమ్మకాల ఖాతాలోనే కొట్టేయమని కూడా అంటాడు మా ఓనరన్న. నేను వినను. వేరే ఖాతా ఉంటేనే ఏ నెల ఎంత వెనక్కి వచ్చిందో కనపడేది. పోయిన రెండు నెలల్లో వచ్చిన వాపసుల్లో సగం మా గోడౌన్ పంపిన తప్పుడు సైజులే.

ఇక్కడిదాకా రాసి ఆగాను. తప్పుడు సైజులు.

ఈ ఎల్బోలు కూడా అంతే గదా. ఆయన అర ఇంచి అడిగితే మేము ముప్పావు పంపాం. ఆయన తప్పేం లేదు. ఇన్ని రోజులు పెట్టుకుని, మేస్త్రి చేత మాటపడి, బుచ్చి నుంచి ఇక్కడికి ఆటోలో వేసి పంపాడు. మరి ఆ 80 వదిలేస్తే ఏం? అరగంట నుంచి ఇటూ అటూ తిప్పుతున్నా. వదిలేయకూడదనే అనిపిస్తోంది. మా తప్పుకి మేము ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే దాని పేరుతోనే ఇవ్వాలి గానీ, డిస్కౌంటు ఖాతాలో దాచిపెట్టి కాదు. రేపు ఇంకొకడు తనకి నచ్చక వెనక్కి పంపి, బుచ్చి ఆయనకి వదిలారు గదా అంటాడు.

అనుకుంటే గుర్తొచ్చింది. పొద్దున వాపసు చీటీకి గుండుసూదితో ఇంకో కాగితం గుచ్చి ఉంది. క్యాలెండరు చింపిన ముక్క, వెనక పెన్సిలుతో 'ఆటో 150', కింద డ్రైవరు గీత. చూశా. చూసి, అది మనది కాదులే అని నోట్ కింద పెట్టేశా.

మనదే. తప్పు సరుకు మనం పంపితే తిరుగు బాడుగ మనదే. ఖర్చుకి 150 డెబిట్, ఆయన ఖాతాకి 150 క్రెడిట్. అప్పుడు ఆయనకి రావాల్సింది 4,790. ఇరవై నిమిషాలు 80 కోసం పోట్లాడి, చివరికి ఆయన అడిగినదానికన్నా 70 ఎక్కువ తేలింది. ఆ మనిషి ఫోన్లో ఆటో మాటే ఎత్తలేదు.

పొద్దున పది లోపు నేనే ఫోన్ చేయాలి. ముందు 150 సంగతి చెప్పి, తర్వాత 80 సంగతి. మా ఓనరన్న కొట్టుకి రాకముందే.