స్కాచ్ ఎగ్: లోపలి ఖీమా పచ్చిగా మిగలకుండా ఎలా ఉడికిస్తాను

స్కాచ్ ఎగ్ అంటే ఉడికించిన గుడ్డు చుట్టూ పచ్చి ఖీమా తొడిగి, రొట్టె పొడి అద్ది, నూనెలో వేయించేది. ఇంగ్లండ్‌లో పబ్బుల్లోనూ పిక్నిక్ బుట్టల్లోనూ చల్లగా తింటారు, పంది మాంసంతో చేస్తారు. లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం 1738లో తామే దీన్ని మొదలుపెట్టామని చెప్పుకుంటుంది. మన నర్గిసీ కోఫ్తా చూడటానికి దీనిలాగే ఉంటుంది కానీ వండే తీరులో ఒక తేడా ఉంది. కొందరు నర్గిసీ కోఫ్తాకు ఖీమాను ముందే శనగపప్పుతో ఉడికించి, రుబ్బి, ఆ ముద్దను గుడ్డుకు తొడుగుతారు. అలా చేస్తే నూనెలో రంగు వస్తే చాలు. స్కాచ్ ఎగ్‌లో ఖీమా పచ్చిది. అది ఉడకాల్సింది వేపుడులోనే, కాబట్టి ఇక్కడ రంగును నమ్ముకోకూడదు.

ముక్క మాంసమైతే సూక్ష్మక్రిములు ఎక్కువగా పైపైనే ఉంటాయి, పైన కాలితే పోతాయి. ఖీమా కొట్టగానే ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే పొర మొత్తం వేడెక్కాలి. బ్రిటన్ ఆహార భద్రత సంస్థ చెప్పే లెక్క 70 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు, లేదా 75 దగ్గర 30 సెకన్లు. అమెరికా వాళ్లు ఖీమాకు 71, కోడి మాంసానికి 74 అంటారు. నేను ఏ మాంసానికైనా 75 పెట్టుకుంటాను, గుర్తుపెట్టుకోవడానికి ఒకే అంకె. ఇవన్నీ సెంటీగ్రేడ్ డిగ్రీలే.

చిక్కల్లా ఆ 75 ఎక్కడ చూడాలన్నదే. వేడి బయటి నుంచి మాత్రమే వస్తుంది. లోపల ఉన్నది చల్లని గుడ్డు, అది తనను ఆనుకున్న ఖీమా నుంచి వేడిని లాక్కుంటూ ఉంటుంది. అందుకని అన్నిటికంటే ఆలస్యంగా ఉడికేది తెల్లసొనను తాకి ఉన్న లోపలి ఖీమా. బయట ముదురు గోధుమ రంగు వచ్చాక కూడా అది పచ్చిగానే ఉండొచ్చు. నేను చేసే ఏర్పాట్లన్నీ ఆ ఒక్క చోటుకు వేడి చేరడానికే.

నాలుగు గుడ్లకు నా లెక్క ఇది. పంది ఖీమా 350 గ్రాములు, అందులో అయిదో వంతు కొవ్వు ఉండాలి. పొడి రొట్టె పొడి 30 గ్రాములు, చల్లటి నీళ్లు 30 మిల్లీలీటర్లు, ఉప్పు 6 గ్రాములు అంటే చెంచాడు, మిరియాల పొడి అర చెంచా, ఆవ ముద్ద చెంచాడు, కాస్త జాజికాయ పొడి. సేజ్ ఆకు దొరికితే సన్నగా తరిగి వేస్తాను. ఇంగ్లండ్‌లో ఉంటే పచ్చి సాసేజ్‌ల తొడుగు తీసి లోపలి మాంసం వాడొచ్చు. అందులో ఉప్పూ రొట్టె పొడీ ముందే ఉంటాయి, మళ్లీ కలపకూడదు. పంది మాంసం తినని ఇంట్లో కోడి తొడ మాంసం ఖీమా బాగా పనికొస్తుంది. రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, ఎండిపోయి పగులుతుంది. మేక ఖీమా అయితే కొంచెం కొవ్వు కలిపి కొట్టమని దుకాణంలో అడగాలి. పచ్చి ఉల్లిపాయ తరుగు నేను వేయను, వేగేటప్పుడు నీరు వదిలి పొరను విడదీస్తుంది.

ఖీమా ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ముందు ఉప్పు ఒక్కటే వేసి, చేత్తో రెండు మూడు నిమిషాలు గట్టిగా పిసుకుతాను. ఉప్పు తగిలాక మాంసంలోని ప్రొటీన్ జిగురుగా బయటికి వస్తుంది, ముద్ద అరచేతికి అంటుకుని లాగినట్టుంటుంది. ఆ జిగురే వేపుడులో పొరను పట్టి ఉంచుతుంది. ఆ తర్వాతే నీళ్లలో తడిపిన రొట్టె పొడీ మసాలా కలపాలి. ఖీమా వెచ్చబడితే కొవ్వు కరిగి జిగురు రాదు, అందుకే చల్లగా ఉండగానే ఈ పని ముగించాలి.

గుడ్లు కొన్న రోజువి కాకుండా వారం నాటివి అయితే పెంకు సులువుగా వస్తుంది. ఫ్రిజ్‌లోని గుడ్లను మరిగే నీళ్లలోకి మెల్లగా దించి, 6 నిమిషాలు పెట్టి, ఐసు నీళ్లలోకి మారుస్తాను. అక్కడ 10 నిమిషాలు పూర్తిగా చల్లారాలి. ఇలా చేస్తే తెల్లసొన గట్టిపడుతుంది, పచ్చసొన మధ్యలో మెత్తగా ఉంటుంది. అయితే ఈ మెత్తని సొన అందరికీ కాదు. సింహం గుర్తు ముద్రించిన బ్రిటన్ గుడ్లను మెత్తని సొనతో పిల్లలూ గర్భిణులూ కూడా తినవచ్చని అక్కడి సంస్థ 2017లో ప్రకటించింది. ఆ కోళ్లకు సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే క్రిమి సోకకుండా టీకా వేస్తారు. మన ఊళ్లో అట్టల్లో వచ్చే గుడ్డు ఎక్కడిదో తెలియదు, అందుకని ఇక్కడ నేను 10 నిమిషాలు ఉడికించి సొన గట్టిగానే ఉంచుతాను. దానివల్ల ఇంకో మేలు కూడా ఉంది. సొన చెడుతుందన్న భయం లేకుండా ఖీమాను కావలసినంతసేపు ఉడికించుకోవచ్చు.

పెంకు తీసిన గుడ్డును గుడ్డతో అద్ది పూర్తిగా తడి ఆర్చి, మైదాలో దొర్లించి, ఎక్కువైన పిండి దులిపేస్తాను. ఈ పని వదిలేస్తేనే చాలామందికి తొడుగు ఊడుతుంది. గుడ్డుకూ ఖీమాకూ మధ్య తడి ఉంటే నూనెలో అది ఆవిరై, బయటికి దారి వెతుక్కుంటూ పొరను చీలుస్తుంది.

కలిపిన ముద్దను తూచి నాలుగు సమ భాగాలు చేస్తే ఒక్కోటి 100 గ్రాముల పైచిలుకు వస్తుంది. పెంకు తీశాక 50 గ్రాములుండే గుడ్డుకు ఆ ముద్ద ఇంచుమించు ఒక సెంటీమీటరు మందం పొర ఇస్తుంది. 150 గ్రాములు తొడిగితే చూడటానికి ఘనంగా ఉంటుంది కానీ లోపలి అంచు ఉడికేలోపు పైన మాడుతుంది. 60, 70 గ్రాములకు దిగితే పొర సాగి చిట్లుతుంది. ముద్దను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, 12 సెంటీమీటర్ల వెడల్పున చెక్క అప్పంలా ఒత్తుతాను. మధ్యలో గుడ్డు పెట్టి, కాగితంతోనే నాలుగు వైపులా పైకి లాగి, అంచులు కలిపి నొక్కి, తడి చేత్తో గుండ్రంగా దొర్లిస్తాను. అంచులు కలిసిన చోట ఖీమా పోగుపడి మందంగా మిగులుతుంది. ఆ పోగును చిదిమి తీసి, పలుచగా ఉన్న చోట అతికించాలి. లోపల గాలి బుడగ ఉంటే వేలికి మెత్తగా తెలుస్తుంది, అక్కడ విప్పి మళ్లీ మూయాలి.

తర్వాత అరగంట ఫ్రిజ్‌లో పెడతాను. మాంసం ఉడికేటప్పుడు ముడుచుకుంటుంది, లోపలి గుడ్డు ముడుచుకోదు. ఆ లాగుడుకు అతుకు విడిపోకుండా ఉండాలంటే కొవ్వు గట్టిపడి తొడుగు నిలదొక్కుకోవాలి. ఆపైన మైదా, గిలక్కొట్టిన గుడ్డు, రొట్టె పొడి వరసగా అద్దుతాను. గుడ్డూ రొట్టె పొడీ రెండోసారి కూడా అద్దితే పై పూత దృఢంగా ఉంటుంది. అద్దగా మిగిలిన మైదా, గుడ్డు, పొడి పచ్చి మాంసానికి తగిలినవే కాబట్టి పారేయాలి. దాచి వాడకూడదు. వేగినవి పెట్టడానికి వేరే పళ్లెం ముందే తీసి ఉంచుతాను.

లోతైన మూకుడులో సగానికి మించకుండా నూనె పోసి 170 డిగ్రీలకు కాచాలి. చిన్న బ్రెడ్ ముక్క వేస్తే నిమిషానికి ఎరుపెక్కాలి. 15 సెకన్లకే ఎరుపెక్కితే నూనె మరీ కాగినట్టు. ఒక్కసారి రెండే వేస్తాను, నాలుగూ వేస్తే నూనె చల్లబడి తొడుగు నూనె పీలుస్తుంది. జల్లి గరిటెతో తిప్పుతూ 4 నిమిషాలు వేయిస్తే రంగు వస్తుంది. ఖీమా అప్పటికి ఉడికి ఉండదు. అక్కడి నుంచి జాలీ మీద పెట్టి, ముందే 180 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 10 నుంచి 14 నిమిషాలు. ఓవెన్ వేడి నెమ్మదిగా, నాలుగు వైపుల నుంచీ వస్తుంది, పై పూత మాడకుండా లోపలికి దిగుతుంది. ఓవెన్ లేకపోతే మంట తగ్గించి, నూనెను 150, 160 మధ్య ఉంచి, మొత్తం 10 నుంచి 12 నిమిషాలు వేయించాలి.

ఈ నిమిషాలు ఒక అంచనాకే. తేల్చేది సూది థర్మామీటరు. దాన్ని నేరుగా గుడ్డులోకి దించితే చూపించేది గుడ్డు వేడి, ఖీమాది కాదు. పక్క నుంచి ఏటవాలుగా, ఖీమా పొరలోనే గుడ్డు వెంట పోనివ్వాలి. సూది కొనకు జారుడుగా తెల్లసొన తగిలినట్టు అనిపించిన చోట ఆపి చూడాలి. అతుకు వేసిన మందపాటి వైపు ఒకసారి, గుడ్డు మొన వైపు ఒకసారి చూస్తాను. రెండింటిలో తక్కువ అంకెనే నమ్ముతాను. 68 ఉంటే మళ్లీ ఓవెన్‌లోకి, 3 నిమిషాలాగి ఇంకోసారి. ప్రతి గుడ్డునూ విడిగా చూడాలి, ఎందుకంటే తొడుగు మందం ఏ రెండింటికీ ఒకలా రాదు. కోసి రంగు చూసి తేల్చుకోవడం నమ్మదగ్గ పద్ధతి కాదు. ఖీమా 70కి చేరకముందే గోధుమ రంగుకు మారొచ్చు, పూర్తిగా ఉడికాక కూడా గులాబీ రంగు నిలిచి ఉండొచ్చు. థర్మామీటరు లేని ఇంట్లో మెత్తని సొన ప్రయత్నం నేను చేయను.

ఖీమా 75కి చేరినా సొన మెత్తగా ఎలా ఉంటుందంటే, మధ్యలో తెల్లసొన అడ్డుంది. పచ్చసొన 65 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలై, 70కి గట్టిపడుతుంది. వేడి అక్కడికి చేరేలోపు ఓవెన్‌లోంచి తీసేయగలిగితే మెత్తదనం దక్కుతుంది. బయటికి తీశాక కూడా పొరలోని వేడి లోపలికి పోతూనే ఉంటుంది, అందుకని మెత్తని సొన కావాలనుకుంటే 5 నిమిషాలకే కోసేయాలి. జారిపోయే సొన ఆశించకండి, జామ్‌లా నిలిచే సొన వస్తుంది. సొనకూ ఖీమాకూ మధ్య ఎంచుకోవలసి వస్తే ఖీమా వైపే ఉండాలి.

చల్లగా తినాలనుకుంటే వేడి తగ్గగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండాకాలం వంటింట్లో ఒక గంటకే పెట్టేస్తాను. గట్టి సొనవి రెండు రోజులు ఉంటాయి, మెత్తని సొనవి ఆ రోజే తినేయాలి. మళ్లీ వేడి చేస్తే ఓవెన్‌లో లోపల పొగలు కక్కేంతవరకు వేడెక్కాలి. మైక్రోవేవ్‌లో మాత్రం గుడ్డును అలాగే పెట్టకూడదు, లోపల ఆవిరి పేరుకుని పేలుతుంది. రెండుగా కోసి, కోసిన వైపు పైకి ఉంచి పెట్టాలి.