112 అప్లికేషన్లు, 9 ఫోన్లు

మెయిల్ తెరవకుండానే అందులో ఏముందో చెప్పగలిగే స్థితికి వచ్చాను. నోటిఫికేషన్‌లో మొదటి లైను "మా సంస్థపై ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు" అని ఉంటే అంతే సంగతులు. పిలిచేవాళ్లు ధన్యవాదాలతో మొదలుపెట్టరు, ఎప్పుడు ఖాళీగా ఉంటారని అడుగుతారు.

ఐదు నెలలు అలా గడిచాయి. నాది డేటా ఎనలిస్ట్ ఉద్యోగాల వేట. అంతకుముందు నాలుగేళ్లు ఒక కంపెనీలో స్టాకు లెక్కలు, అమ్మకాల రిపోర్టులు చూశాను. ఆ కంపెనీ మా విభాగాన్ని మూసేసింది. మొదటి నెలలో ఉత్సాహంగానే ఉన్నాను. మూడో నెలకి ఒక్కోసారి ఒకే రోజు పది అప్లికేషన్లు పెట్టి, ఏ కంపెనీకి పెట్టానో సాయంత్రానికి మర్చిపోయేదాన్ని. ఐదో నెలలో తమ్ముడు "ఏమైంది?" అని అడిగితే, "వంద మంది నన్ను వద్దన్నారు" అన్నాను. వాడు వెంటనే "వంద మంది నిన్ను చూశారా?" అన్నాడు.

కోపం వచ్చింది. కానీ ఆ ప్రశ్న రాత్రంతా వదల్లేదు. మర్నాడు మెయిల్ బాక్సంతా తవ్వి, పెట్టిన ప్రతి అప్లికేషన్‌నీ ఒక షీట్‌లోకి ఎక్కించాను. ప్రకటన వచ్చిన తేదీ, నేను పెట్టిన తేదీ, జవాబు వచ్చిన తేదీ, ఎక్కడిదాకా వెళ్లింది, తెలిస్తే కారణం, ఇంతే కాలమ్స్. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కొత్తగా ఒక్కటి కూడా పెట్టలేదు, నిజానికి అదే నాకు దక్కిన మొదటి విశ్రాంతి.

మొత్తం 112. వాటిలో 61కి అసలు జవాబే లేదు. 42 చోట్ల ఎవరూ మాట్లాడకుండానే మెయిల్లో వద్దన్నారు. ఫోన్ చేసి మాట్లాడింది తొమ్మిది మంది. వాళ్లలో ముగ్గురు రెండో ఇంటర్వ్యూకి పిలిచారు, అక్కడితో ఆగింది. అంటే నా గొంతు విని, నా పని గురించి అడిగి వద్దన్నవాళ్లు తొమ్మిది మందే. మిగతా 103 మంది వద్దన్నది ఒక కాగితాన్ని. తమ్ముడితో ఈ మాట ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టిందనుకోండి.

ఈ లెక్క వల్ల ఉద్యోగం రాదు గానీ, దేన్ని బాగుచేయాలో తెలిసింది. అప్పటిదాకా నేను చేస్తున్నదేమిటంటే, రాత్రుళ్లు కష్టమైన టెక్నికల్ ప్రశ్నలు ప్రాక్టీసు చేయడం. ఆ ప్రశ్నలు అడిగే గదిదాకా వెళ్లింది మూడుసార్లు! గుమ్మం దగ్గరే ఆగిపోతుంటే లోపలి గదికి రంగులు వేసుకుంటున్నాను.

ముందు ఆ 42 మెయిళ్లు చూశాను. పదకొండు మెయిళ్లు అప్లికేషన్ పెట్టిన గంటలోపే వచ్చాయి, కొన్ని అర్ధరాత్రి. ఆ వేళప్పుడు ఎవరూ కూర్చుని రెజ్యూమె చదవరు. ఫారంలో నేనిచ్చిన ఏదో జవాబుకే సిస్టమ్ పక్కన పెట్టేసి ఉండాలి. అలాంటి ఫారాలు మళ్లీ తెరిచి చూస్తే చాలావాటిలో ఒకే ప్రశ్న, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ గురించి: అందులో ఎన్నేళ్ల అనుభవం? నేను అన్నిచోట్లా 1 అని రాశాను, ఎందుకంటే సర్టిఫికెట్ కోర్సు చేసి ఏడాదే అయింది. కానీ పాత ఆఫీసులో మూడేళ్లపాటు వారం వారం క్వెరీలు రాసింది ఎవరు? దాన్ని "పనిలో భాగం" అనుకున్నానే తప్ప అనుభవం అనుకోలేదు. ఆ తర్వాత 3 అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు, ఇంటర్వ్యూలో అడిగితే ఏ రిపోర్టుకి ఏ క్వెరీ రాశానో చెప్పగలను.

తర్వాత రెజ్యూమె. పాత ఆఫీసులో మా సీనియర్ మేడమ్‌కి పంపి ఒకే ఒక్క సాయం అడిగాను: "పది సెకన్లు చూసి మూసేయండి, నేనేం పని చేస్తానో చెప్పండి." ఆవిడ ఫోన్ చేసి, "నువ్వు గోడౌన్‌లో స్టాకు లెక్కపెట్టేదానివేమో అనిపిస్తోందమ్మా" అన్నారు. నాతో పనిచేసిన మనిషికే అలా అనిపిస్తే ఇక బయటివాళ్ల సంగతి చెప్పాలా? పైన పెద్దక్షరాలతో నా పాత హోదా "ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్" ఉంది. దాని కింద మొదటి లైను "నెలవారీ స్టాకు రిపోర్టుల తయారీ".

హోదా మార్చడం మోసం అవుతుంది, అది అలాగే ఉంచాను. దాని పక్కనే "స్టాకు, అమ్మకాల డేటా విశ్లేషణ" అని చేర్చాను. మొదటి లైను మాత్రం నాలుగైదుసార్లు తిరగరాశాను. చివరికి ఇలా కుదిరింది: "మూడు శాఖల స్టాకు డేటాను ఎస్‌క్యూఎల్‌తో ఒకచోటికి తెచ్చి, మూడు రోజులు పట్టే నెలాఖరు రిపోర్టును నాలుగు గంటల పనిగా మార్చాను." చేసిన పని అదే. అంతకుముందు రాసినప్పుడు అందులో నేను లేను, రిపోర్టు మాత్రమే ఉంది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. రెజ్యూమెలో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే, రెండు కాలమ్స్‌గా ఉన్న ఆ అందమైన డిజైన్ కలగాపులగమైంది. ఉద్యోగం తేదీలు ఒకచోట, కంపెనీ పేరు ఇంకెక్కడో. అన్ని సిస్టమ్‌లూ అలాగే చదువుతాయని కాదు, కానీ ఆ అనుమానం పెట్టుకోవడం ఎందుకని మామూలు ఒకే కాలమ్‌లోకి మార్చేశాను.

ఇక ఆ తొమ్మిది ఫోన్లు. ఆరు అక్కడే ఆగాయి కాబట్టి నేనే ఏదో పాడుచేస్తున్నానని తెలుస్తూనే ఉంది. "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకి జవాబు చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. నాలుగు నిమిషాలు. అందులో మొదటి నిమిషంన్నర మా విభాగం ఎందుకు మూతపడిందో సంజాయిషీ! ఎవరూ అడగలేదు కూడా. నా గొంతు ఎవరికో క్షమాపణ చెప్తున్నట్టు నాకే అనిపించింది. దాన్ని ఒక వాక్యానికి కుదించి, నెలాఖరు రిపోర్టు కథతో మొదలుపెట్టి, నిమిషంన్నరలో ముగించేలా చేసుకున్నాను. సిగ్గుపడుతూనే పదిసార్లు రికార్డు చేశాను.

రోజు పద్ధతి కూడా మారింది. వారానికి నాలుగు అప్లికేషన్లు, అవి కూడా ప్రకటన వచ్చి మూడు నాలుగు రోజులు దాటనివి. వీలైనచోట ఆ కంపెనీలో తెలిసినవాళ్లకి ముందు ఒక మెసేజ్. తిరస్కరణ మెయిళ్లు నేరుగా వేరే ఫోల్డర్‌లోకి పోయేలా ఫిల్టర్ పెట్టి, దాన్ని శుక్రవారం మాత్రమే తెరిచేదాన్ని. ఫిల్టర్ కొన్నిసార్లు మంచి మెయిళ్లని కూడా మింగేస్తుంది, అందుకే వారానికోసారైనా చూడక తప్పదు. శుక్రవారం మధ్యాహ్నం అన్నీ ఒకేసారి షీట్‌లోకి ఎక్కిస్తుంటే అవి వార్తల్లా కాక లెక్కల్లా అనిపించేవి. అయినా ఒక శుక్రవారం ఏడ్చాను. రెండో ఇంటర్వ్యూ బాగా జరిగిందనుకున్న చోటు నుంచి వచ్చిన మెయిల్ అది. ఏం తక్కువైందని అడిగితే, ఆ పోస్టుని లోపలి ఉద్యోగికే ఇచ్చామని రాశారు. ఆ వరుసకి షీట్‌లో "కారణం" కాలమ్ ఖాళీగానే వదిలేశాను.

ఎనిమిది వారాల్లో 31 అప్లికేషన్లు, ఏడు ఫోన్లు. ఇందులో రెజ్యూమె గొప్పతనం ఎంతో నేను చెప్పలేను, ఎందుకంటే ఆ ఏడింటిలో నాలుగు తెలిసినవాళ్ల మాట మీద వచ్చాయి. అంత చిన్న లెక్కలో అదృష్టం ఎంతుందో విడదీయడం కష్టం, ఎనలిస్ట్‌ని కాబట్టి కనీసం ఇది ఒప్పుకోవాలి. ఆఖరి రౌండు దాకా రెండు వెళ్లాయి, ఒకటి వచ్చింది.

చేరిన మొదటి వారంలో మా మేనేజర్‌ని అడిగాను, నా రెజ్యూమెలో ఏం చూసి పిలిచారని. "నాలుగు గంటలు అన్నారు కదా, అది నిజమో కాదో అడుగుదామని" అన్నారు.